తొంభై సెకన్లు, ఒక్క బుక్క

పెండ్లిలో మైకు పట్టుకున్న దోస్తు మాటలను ఎవ్వరూ వినరు. తప్పు ఆ దోస్తుది కాదు. మన పెండ్లిలో ఆ మాటకు జాగా లేదు. విదేశాల పెండ్లిళ్లలో అందరూ బల్లల చుట్టూ కూర్చుంటారు. భోజనాల నడుమ ఎవరో గ్లాసు మీద చెంచాతో టంగుమనిపిస్తే అందరూ నిశ్శబ్దమవుతారు. అప్పుడు పెండ్లికొడుకు దోస్తు ఒకరు, పెండ్లికూతురు దోస్తు ఒకరు లేచి నాలుగు మాటలు చెప్పి గ్లాసు ఎత్తుతారు. దాన్ని టోస్ట్ అంటారు. వెనకట ఇంగ్లండులో మసాలా పట్టించి కాల్చిన రొట్టెముక్కను ద్రాక్షసారాయిలో వేసుకునేవారట, ఆ రొట్టె పేరే ఈ మాటలకు వచ్చింది. మన దగ్గర టోస్ట్ అంటే చాయ్‌లో ముంచుకునేదే కాబట్టి ఆ సంగతి అంతటితో వదిలేద్దాం.

మన ఫంక్షన్ హాల్లో ఏం జరుగుతుంది? ఒక పక్క సన్నాయి, డోలు. ఇంకో పక్క అయ్యగారి మంత్రం. ఫోటోగ్రాఫర్ "ఇటు చూడండి మేడం" అంటుంటాడు. అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, ఫోటో దిగి, భోజనాల వైపు నడిచే వరుస ఒకటి ఆగకుండా కదులుతుంటుంది. ఆ వరుసను ఆపి పది నిమిషాలు మాట్లాడే హక్కు ఎమ్మెల్యేకు కూడా లేదు. ఇక దోస్తుకెక్కడిది? అందుకే ఈ నడుమ స్టేజీ పక్కన పెట్టే ఎల్ఈడీ తెర మీద దోస్తుల వీడియో మాట వేయడం మొదలైంది. మా సిద్దిపేట వైపు గూడ వచ్చేసింది. దీన్ని చూసి మూతి విరిచేవాళ్లు మా ఇండ్లల్లో చాలామందే ఉన్నారు. "మనిషి రాలేక బొమ్మను పంపిందా" అంటారు. నేను మాత్రం దీని పక్షమే. కాకపోతే ఒక షరతు మీద. అది 90 సెకన్లు దాటొద్దు, అందులో నవ్వు ఒక్కటే ఉండాలి. ఆ ఒక్క నవ్వే మళ్లీ మళ్లీ రావాలి.

ఎందుకో మా ఆడబిడ్డ కూతురు వీడియో చూపించే చెప్తాను. ఆ పిల్ల జర్మనీలో చదువుకుంటున్నది. చిన్నప్పటి నుంచి ఒక్క పానంగా తిరిగిన దోస్తుకు ఇక్కడ పెండ్లి కుదిరింది. పరీక్షలు అడ్డమొచ్చి రాలేకపోయింది. రెండు రాత్రులు కూర్చుని ఆరు పేజీలు రాసి నాకు పంపింది. "అత్తమ్మా, నువ్వు తెలుగుల బీఏ చేసినవు గదా, జర సరిచెయ్యి" అన్నది. ఫోన్లో చదివించి గడియారం చూస్తే ఆరు నిమిషాల ఇరవై సెకన్లు వచ్చింది. బడిలో కాపీ కొట్టిన ముచ్చట, సారుకు పెట్టిన పేరు, కాలేజీ బస్సులో ఎవడో వెంటపడ్డ కథ, మొదటిసారి వంట చేస్తే గిన్నె మాడిన సంగతి, అంతకు ముందు పెండ్లిచూపులకొచ్చిన అబ్బాయి మీద పడ్డ జోకులు, అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటి వింటే నవ్వొస్తుంది. అన్నీ కలిపి వింటే పెండ్లికూతురు ఎవరో తెల్వదు.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. మన పెండ్లిళ్లలో దోస్తుల మాట అసలు లేకపోలేదు. మా అమ్మమ్మల కాలంలో పెండ్లికొడుకు స్నేహితులు ఐదు పద్యాలు రాయించి, రంగు కాగితం మీద అచ్చేయించి, పెండ్లిలో పంచి, ఒకరు లేచి చదివేవారు. వాటిని పంచరత్నాలు అనేవారు. వధూవరుల పేర్లు, వంశాలు, గుణాలు, చివరికి దీవెన. అయిదు పద్యాలు చదవడానికి ఎంతసేపు పడుతుంది? నిదానంగా రాగం తీసినా అయిదు నిమిషాలు. అంటే కొలత అప్పుడు గూడ ఉన్నది. అయితే ఆ పద్యాల్లో పొగడ్త తప్ప నవ్వు ఉండేది కాదు. నవ్వంతా ఆడవాళ్ల చేతిలో ఉండేది. ఎదురుకోళ్ల దగ్గర, వియ్యపురాండ్ల పాటల్లో, బంతి భోజనాల దగ్గర ఒకరి నెత్తి మీద ఒకరు వేసుకునే మాటలు, "మీ పిల్లోడు ఇట్లా" అంటే "మీ పిల్ల అట్లా" అనుకోవడం. అవి ఎంత ఘాటుగా ఉన్నా చెల్లేవి. ఎందుకంటే అవతలి పక్క గూడ పాట అందుకునేది. మనం ఒకటంటే వాళ్లు రెండు అనేవారు. లెక్క సరి.

వీడియోకు ఆ సౌకర్యం లేదు. తెర మీది మాటకు ఎవ్వరూ జవాబు చెప్పలేరు. అందుకే పాటలో చెల్లిన ఎకసెక్కం వీడియోలో చెల్లదు. ఆరు పేజీలను కత్తిరించేటప్పుడు మా పిల్లకు నేను చెప్పిన పరీక్ష ఒక్కటే. రెండేండ్ల తర్వాత ఆ ఇంట్లో ఏదో మాటామాటా వస్తుంది, ఏ ఇంట్లో రాదు? ఆ పూట అత్త గాని మొగుడు గాని ఈ వీడియోలోని మాట తీసి ఆ పిల్లను ఎత్తిపొడవగలరా? ఎత్తిపొడవగలిగితే ఆ మాట తీసెయ్యాలి. ఆ లెక్కన బస్సు కథ పోయింది. పాత పెండ్లిచూపులు పోయినయి. మాడిన గిన్నె పోయింది. కాపీ కొట్టిన ముచ్చట గూడ పోయింది, ఆ పిల్ల ఇప్పుడు ఒక బడిలో పంతులమ్మ మరి. ఆరు పేజీల్లో మిగిలింది ఒక్క చిన్న మాట. మూడో పేజీ చివర, ఏదో చెప్పబోతూ దారిలో రాసిన మాట: అది ఎప్పుడూ "నాకొద్దు, ఒక్క బుక్క చాలు" అంటదని.

బుక్క అంటే మా దిక్కు నోటినిండా పట్టేంత ముద్ద. ఎవరు డబ్బా తీసినా ఆ పిల్ల తనకు ఆకలి లేదనేది, ఒక్క బుక్క అనేది, డబ్బా సగం ఖాళీ చేసేది. ఇది నేను గూడ చూసిందే, మా ఇంట్లో సకినాలకు ఇదే గతి పట్టింది. ఆ మాటను పట్టుకుని చెప్పిస్తే చివరికి ఇట్లా వచ్చింది. పూర్తిగానే రాస్తున్నాను, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు.

"నేను ఇక్కడ జర్మనీల ఉన్న. నా వంతు పెండ్లి భోజనం అక్కడ ఎవరు తింటరో నాకు ఎరుకే. పెండ్లిపిల్లే.

ఆరో తరగతి నుంచి ఇదే లెక్క. మధ్యాహ్నం గంట కొట్టంగనే 'నాకు ఆకలైతలేదే' అంటది. నేను డబ్బా మూత తీస్త. 'నాకొద్దు, ఒక్క బుక్క చాలు' అంటది. ఆ ఒక్క బుక్క అయిపోయినంక డబ్బాల మిగిలేది చెంచా.

డిగ్రీల బతుకమ్మ పండుగకు కొత్త చున్నీ కొనుక్కున్న. 'నాకొద్దే, ఒక్కసారి కప్పుకొని ఇస్త' అన్నది. ఒక్క బుక్కనే కదా అనుకున్న. ఆరేండ్లయింది. చున్నీ ఇంకా నములుతనే ఉన్నది.

తర్వాత మా నాయన దవాఖానల పడ్డడు. రెండు దినాలు నేను ఏం తినలే. ఇది బస్సెక్కి వచ్చింది, చేతిల డబ్బా. నేను 'నాకొద్దే' అన్న. అన్నం కలిపి నా నోటికాడ పెట్టి, 'ఒక్క బుక్క చాలు' అన్నది. ఆ దినం డబ్బా మొత్తం నేనే తిన్న.

బావా, మీకొక్కటే మాట. ఇది ఆకలైతలేదంటే నమ్మకుండ్రి. ఇద్దరికి సరిపోయేంత పెట్టుకోండ్రి. ఎందుకంటే మీకు ఆకలి లేని దినం, మీ నోటికాడ చెయ్యి పెట్టేది గూడ ఇదే.

ఏమే, వచ్చే ఎండకాలం వస్త. నాకోసం ఏం వండకు. నాకొద్దు. ఒక్క బుక్క చాలు."

అంతే. లెక్కపెడితే నూట పాతిక మాటల దగ్గర ఉంటుంది. నిదానంగా చదివితే అరవై ఎనిమిది సెకన్లు వచ్చింది. మిగతా ఇరవై రెండు సెకన్లు మౌనానికి వదిలేశాం, ఆ మౌనం సంగతి తర్వాత చెప్తాను.

ఒకే మాట తిరిగి తిరిగి రావడం మనకు కొత్త కాదు. శతకంలో మకుటం అదే పని చేస్తుంది. రామదాసు దాశరథీ శతకం చదివినవాళ్లకు తెలుసు, ప్రతి పద్యం చివర రాముణ్ని పిలిచే పిలుపు ఒక్కటే, అక్షరం మారదు. కానీ ఒక పద్యంలో అది పొగడ్త, ఇంకో పద్యంలో మొర. మాట అదే, దాని ముందు నిలబడ్డ పద్యం మారింది కాబట్టి పిలుపు అర్థం మారింది. బతుకమ్మ పాటలో ప్రతి చరణానికీ "ఉయ్యాలో" వస్తుంది, అది మాత్రం అర్థం మారదు, అడుగు కలపడానికి వస్తుంది. పెండ్లి మాటలో తిరిగొచ్చే నవ్వు ఉయ్యాలో లెక్క ఉంటే రెండోసారికే విసుగొస్తుంది. మకుటం లెక్క ఉండాలి.

పై మాటల్లో చూడండి. మొదటిసారి బుక్క అన్నం. అక్కడ వినేవాళ్లు మాటను గుర్తుపెట్టుకుంటారు. రెండోసారి బుక్క చున్నీ అయింది, అంటే తిండి మాట తిండి కానిదాని మీదకు పోయింది. నవ్వు అక్కడే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే ఆ మాట ఇప్పుడు అందరిదీ అయింది. మూడోసారి అడిగే మనిషి మారింది. అప్పటి దాకా తీసుకున్న పిల్ల ఇప్పుడు పెడుతున్నది. నాలుగోసారి చెప్పే పిల్లే ఆ మాటను తన నోట తీసుకుని, తను గూడ దాని లెక్కనే అడుగుతున్నది. ఇంక అయిదోసారి వద్దు. మా పిల్ల బావతో చెప్పే దగ్గర గూడ ఆ మాట పెట్టింది. తీసెయ్యమన్నాను. అక్కడ పెడితే చివరిది చప్పబడుతుంది.

మూడోది లేకపోతే ఇది ఉత్త ఫిర్యాదు. ఆ సంగతి నాకంటే ముందు పెండ్లికూతురు తల్లికి తెలిసింది. మేం రాసింది ముందు ఆమెకే చదివి వినిపించాం. మొదటి రెండు ముచ్చట్లు వినంగనే ఆమె మొహం మారింది. "వదినా, అత్తగారోళ్ల ముందట మా పిల్ల తిండిపోతు అని చెప్తరా? రేపు పళ్లెంల రెండోసారి పెట్టుకున్నా చూస్తరు" అన్నది. ఆ మాటను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. కొత్త కోడలు తిండిని కండ్లతో కొలిచే ఇండ్లు ఇంకా ఉన్నాయి. దవాఖాన ముచ్చట చదివినంక ఆమె ఏమనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ పొద్దు పప్పుచారు నేనే చేసి కట్టిచ్చిన" అన్నది. ఒక్క మార్పు మాత్రం అడిగింది. ముందు రాసినదాంట్లో "దీని కడుపు చెరువు" అనే మాట ఒకటి ఉండె. అది తీసెయ్యమన్నది, తీసేశాం. ఆమె చెప్పింది నిజమే. బుక్క అనేది పిల్ల తన నోటితో అన్న మాట, చెరువు అనేది మనం పిల్లకు పెట్టిన పేరు. పేర్లు అత్తింటి దాకా వెంట వస్తాయి.

అందుకే నా మాట: వీడియో ఎవరికీ తెలియకుండా చేసి ఆశ్చర్యపరచాలనుకుంటే పెండ్లికూతురికి తెలియనియ్యకండి, తల్లికి మాత్రం ముందే వినిపించండి. తల్లి లేకపోతే పిన్నో, మేనత్తో, ఎవరైనా ఒక పెద్దమనిషి. దోస్తుకు ఆ పిల్ల తెలుసు, పెద్దవాళ్లకు ఆ పిల్ల పోతున్న ఇల్లు తెలుసు. రెండూ తెలిసినవాళ్లు ఒకరు వినాలి.

ఇప్పుడు 90 సెకన్లే ఎందుకు అంటారేమో. ఇన్‌స్టాగ్రామ్ రీల్ 2022లో 90 సెకన్లకు పెరిగింది, 2025లో మూడు నిమిషాలకు పోయింది. మా ఇంటాయన ఇదే అడిగాడు, "వాళ్లు మూడు నిమిషాలు ఇస్తుంటే మీకెందుకు పొదుపు?" అని. పిల్లలు 90 అనే అంకె అక్కడి నుంచే తెచ్చుకుని ఉండొచ్చు గాని, నాకు అది నచ్చిన కారణం వేరు. 90 సెకన్లలో మూడు చిన్న ముచ్చట్లు, ఒక దీవెన పడతాయి. నాలుగో ముచ్చట పట్టదు. మూడు నిమిషాలు ఇస్తే రెండో నవ్వు వస్తుంది. రెండో నవ్వు వస్తే మొదటిదాన్ని జనం మరిచిపోతారు, అది తిరిగొచ్చినప్పుడు ఎవ్వరూ గుర్తుపట్టరు. పైగా స్టేజీ మీద వధూవరులు నిలబడి తెర వైపు మెడ తిప్పి చూడాలి. పెండ్లికూతురు మెడలో దండలు, నెత్తి మీద జీలకర్ర బెల్లం, పొద్దటి నుంచి ఉపాసం. ఒకటిన్నర నిమిషం మెడ తిప్పొచ్చు.

ఇక తీయడం సంగతి. ఇందులో మా పిల్ల రెండుసార్లు తీసింది, రెండు సార్లలో తేడా చూశాను కాబట్టి చెప్తున్నాను. మొదటిసారి ఫోను నిలువుగా పట్టుకుని తీసింది. అది ఫోన్లో బాగుంటుంది. ఫంక్షన్ హాలు తెర అడ్డంగా వెడల్పుగా ఉంటుంది, దాని మీద నిలువు వీడియో వేస్తే నడుమ సన్నటి పట్టీలో మనిషి, రెండు పక్కలా నలుపు. వెనక వరుసలో కూర్చున్న ముసలమ్మకు మొహమే కనిపించదు. అందుకే తెర కోసమైతే ఫోను అడ్డంగా పెట్టి తీయాలి. నడుము పై నుంచి మనిషి కనబడాలి. కిటికీ ఎదురుగా కూర్చోవాలి, కిటికీకి వీపు పెడితే మొహం నల్లబడుతుంది.

వెలుతురు కంటే ముఖ్యం శబ్దం. ఫోను మనిషికి చెయ్యి చాచినంత దూరంలోనే ఉండాలి. మూల మీద పెట్టి దూరం నుంచి మాట్లాడితే గది అంతా మోగుతుంది, ఆ మోత మీద హాలు మోత కలిస్తే ఒక్క మాటా తెలియదు. వైరు ఇయర్‌ఫోన్ ఉంటే దాని మైకు చాలు. ఇక్కడి పిల్లలు చాలామంది మా చంద్లాపూర్ రంగనాయక సాగర్ కట్ట మీద నిలబడి తీస్తున్నారు. నీళ్లు, గుట్ట, అన్నీ బాగా పడతాయి. కానీ కట్ట మీద గాలి మైకుకు తగిలి బరబరమంటుంది. ఫోన్లో చూసేటప్పుడు పెద్దగా తెలియదు, హాలు స్పీకర్లలో వేస్తే గాలి తప్ప మాట వినిపించదు. తీసింది ఒకసారి ఇంట్లో టీవీకి తగిలించి, గది అవతల నిలబడి వినండి. అక్కడ అర్థం కాని మాట హాల్లో అసలు అర్థం కాదు. ఆ మాట మళ్లీ చెప్పాలి.

ఇప్పుడు మౌనం. ఎదురుగా మనుషులుంటే నవ్వు వచ్చినప్పుడు ఆగుతాం, తగ్గినంక మాట్లాడతాం. వీడియో ఆగదు. నవ్వే చోట మాట వెంటనే అందుకుంటే జనం నవ్వులో తర్వాతి మాట కొట్టుకుపోతుంది. అందుకని "చెంచా" తర్వాత, "నములుతనే ఉన్నది" తర్వాత మూడేసి సెకన్లు మా పిల్ల కెమెరా వంక చూసి ఊరికే నవ్వింది. "ఒక్క బుక్క చాలు అన్నది" దగ్గర గూడ ఆగింది గాని అక్కడ నవ్వలేదు. ఒంటరి గదిలో మూడు సెకన్లు ఆగడం ఆ పిల్లకు చాలా ఇబ్బందైంది, "అత్తమ్మా, పిచ్చిదాని లెక్క కనబడుతున్న" అన్నది. గదిలో అట్లనే ఉంటుంది. హాల్లో ఆ మూడు సెకన్లు చాలలేదు. చెంచా దగ్గర నవ్వు ఇంకా పొడుగు సాగింది. బతుకమ్మ పండుగ అన్న మాట మునిగిపోయింది. అందుకే కింద తెలుగు అక్షరాలు పెద్దగా వేయించాం. చెవికి అందనిది కంటికి అందింది. అక్షరాలు రెండు వరుసలు మించొద్దు, తెలుపు అక్షరాల వెనక నల్ల పట్టీ ఉండాలి. లేకపోతే లైట్ల వెలుతురులో కలిసిపోతాయి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నాణ్యత తగ్గిపోతుంది, పెద్ద తెర మీద మొహం మసకబారుతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ముందు రోజే తెర నడిపే అబ్బాయి చేతికిచ్చి ఒకసారి వేయించి చూడాలి. చూడడం అంటే బొమ్మ చూడడం కాదు, శబ్దం వినడం. తెర లాప్‌టాప్‌ది, స్పీకర్లు డీజేవి. ఇద్దరి నడుమ ఒక వైరు కలపాలి. ఆ వైరు కలపకపోతే తెర మీద నోరు కదులుతుంది, మాట రాదు. మా చుట్టాల పెండ్లిలో ఒకసారి అట్లనే మూగబొమ్మ ఆడింది. తెర అబ్బాయి డీజేను అడగమన్నాడు, డీజే తెర అబ్బాయిని అడగమన్నాడు. ఈలోపు అయిపోయింది.

ఎప్పుడు వేయాలన్నది గూడ తేల్చుకోవాలి. చాలామంది రిసెప్షన్‌లో వేస్తారు. నాకు నచ్చదు. అక్కడ వచ్చేవాళ్లు వచ్చేవాళ్లే, పోయేవాళ్లు పోయేవాళ్లే, మొదటి బుక్క విన్నవాళ్లు మూడో బుక్కకు ఉండరు. తిరిగొచ్చే నవ్వుకు ఒకే జనం మొదటి నుంచి చివరి దాకా ఉండాలి. తలంబ్రాలు అయిపోయి, ఇంకా ఎవ్వరూ భోజనాలకు లేవని సమయం ఒకటి ఉంటుంది. అప్పుడు అందరి మొహాలూ స్టేజీ వైపే ఉంటాయి, అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉంటారు. మేం అప్పుడు వేయించాం. అయ్యగారికి ముందే చెప్పి పెట్టాం, డోలు వాళ్లకు గూడ. డోలు వాళ్లకు చెప్పకపోతే నవ్వు విని గట్టిమేళం అందుకుంటారు.

మా వీడియోకు ఇంకో కారణం గూడ ఉన్నది. ఆ తర్వాత జరిగేది బువ్వం. కొత్త జంటను కూర్చోబెట్టి ఒకరి నోట్లో ఒకరు ముద్ద పెట్టుకోమంటారు. అప్పటికే హాలంతా బుక్క మాట తెలుసు. పెండ్లికొడుకు మొదటి ముద్ద ఎత్తంగనే వెనక నుంచి ఎవరో "ఒక్క బుక్క చాలు" అని అరిచారు. అది పెండ్లికొడుకు మేనత్తనట. నవ్వు అవతలి పక్కకు దాటిందని నాకు అప్పుడు అర్థమైంది. అటువైపు వాళ్లు ఆ మాటను ఎత్తిపొడుపుగా కాకుండా ఆడుకునే మాటగా తీసుకున్నారు. పెండ్లికూతురు తల్లి నా వంక చూసింది.

"మనిషి రాలేక బొమ్మను పంపిందా" అన్నవాళ్లకు నా జవాబు ఒకటుంది. మా పిల్ల వచ్చి ఉంటే ఏం చేసేది? పట్టుచీర కట్టుకుని పెండ్లికూతురు వెనక నిలబడి చెమట తుడిచేది, కొంగు సర్దేది, ఫోటోలు దిగేది. అది తక్కువ పని కాదు, వీడియో దాన్ని చేయలేదు. కానీ దవాఖాన ముచ్చట చెప్పేది కాదు. పక్కన నిలబడ్డ మనిషికి అది చెప్పే అవసరం రాదు. దూరం ఉన్నది కాబట్టే కూర్చుని, ఆరు పేజీలు రాసి, అందులో నిజంగా చెప్పాల్సింది ఏదో వెతుక్కున్నది. వచ్చే అవకాశం ఉండి రాకుండా వీడియో పంపేవాళ్ల సంగతి వేరు, వాళ్లను నేను వెనకేసుకురాను. సిద్దిపేటలో ఉండి చిన్నకోడూరు పెండ్లికి వీడియో పంపిస్తే ఎవరైనా మూతి విరుస్తారు, విరవాలె.

ఇంకో హద్దు గూడ చెప్పాలి. ఈ పద్ధతి అందరు దోస్తులకూ నప్పదు. ఒకే మాట మూడు చోట్ల తిరిగి రావాలంటే, ఆ మనిషిని మూడు కాలాల్లో చూసి ఉండాలి. బడిలో, కాలేజీలో, కష్టంలో. ఆఫీసులో రెండేండ్ల పరిచయం ఉన్న దోస్తు ఇట్లాంటిది చేయాలని చూస్తే, మొదటిది లంచ్ ముచ్చట అవుతుంది, రెండోది గూడ లంచ్ ముచ్చటే అవుతుంది, మూడోదానికి ఏదో కల్పించాల్సి వస్తుంది. కల్పించింది వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే పెండ్లికూతురు అక్కడ నవ్వదు, ఎప్పుడు జరిగిందబ్బా అని పక్కవాళ్ల వంక చూస్తుంది. అట్లాంటి దోస్తు పేరు చెప్పి, ఇద్దరినీ దీవించి, నమస్కారం పెట్టొచ్చు. దానికి ఇరవై సెకన్లు చాలు.